నాలుగు ఆప్షన్లతో ఒక అప్పు

అమెరికాలో షేర్లు చేతిలో ఉండి, ఇంటి డౌన్ పేమెంటుకు నగదు చాలనివాళ్లు చాలామంది. కంపెనీ ఇచ్చిన షేర్లను ఏళ్ల తరబడి అట్టిపెట్టుకున్న మన తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లోనూ ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. షేర్లు అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది. బ్రోకరు దగ్గర మార్జిన్ అప్పు తీసుకుంటే వడ్డీ కొన్నిచోట్ల రెండంకెలు దాటుతుంది, పైగా అది ఎప్పుడు పెరుగుతుందో తెలియదు. ఇలాంటివాళ్లలో కొందరు బాక్స్ స్ప్రెడ్ వైపు చూస్తున్నారు. ఇది ఆప్షన్ల బజారులో, బ్యాంకు గడప తొక్కకుండా, ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల రేటుకు కాస్త పైన దొరికే స్థిర వడ్డీ అప్పు.

ఎస్ అండ్ పి 500 సూచీ మీద ఆప్షన్లను షికాగోలోని సీబో ఎక్స్ఛేంజిలో SPX పేరుతో కొంటారు, అమ్ముతారు. ఏడాది తర్వాత ముగిసే ఆప్షన్లు నాలుగింటిని ఒకేసారి పట్టుకోవాలి. 5000 స్ట్రైక్ కాల్ అమ్మాలి, 6000 కాల్ కొనాలి. 5000 పుట్ కొనాలి, 6000 పుట్ అమ్మాలి. గడువు రోజున సూచీ 7000 దగ్గర ఉందనుకుందాం. అమ్మిన కాల్ మీద 2000 పాయింట్లు కట్టాలి, కొన్న కాల్ మీద 1000 వస్తాయి, పుట్లు రెండూ చెల్లని కాగితాలే. నికరంగా కట్టాల్సింది 1000. సూచీ 4000కు పడితే కొన్న పుట్ 1000 తెస్తుంది, అమ్మిన పుట్ 2000 అడుగుతుంది. అప్పుడూ 1000 కట్టాలి. మధ్యలో 5600 దగ్గర ఆగితే కాల్ మీద 600, పుట్ మీద 400, మళ్లీ అదే వెయ్యి.

అంటే మార్కెట్ ఎటు పోయినా చివర్లో కట్టేది మారదు. పాయింటుకు 100 డాలర్ల చొప్పున అది లక్ష డాలర్లు. ఈ నాలుగూ అమ్మి ఇవాళ 960 పాయింట్లు రాబట్టగలిగితే 96,000 డాలర్లు చేతికొస్తాయి. లక్షకు నోటు రాయించుకుని వడ్డీ ముందే పట్టుకుని మిగతాది చేతిలో పెట్టే పాత పద్ధతి లాంటిదే ఇది. నాలుగు వేల వడ్డీని 96,000తో భాగిస్తే ఏడాదికి 4.17 శాతం. అవతల బాక్స్ కొన్నవారు అదే రేటుకు అప్పిచ్చినట్టు. ఇద్దరి మధ్య క్లియరింగ్ సంస్థ ఓసీసీ హామీగా నిలబడుతుంది, అందుకే వడ్డీ అంత తక్కువ.

ఇంతవరకూ లెక్క చక్కగా కుదిరింది. కుదరనిది ఎక్కడో 2019 జనవరిలో ఒక చిన్న మదుపరికి తెలిసొచ్చింది. రాబిన్‌హుడ్ యాప్‌లో సుమారు 5,000 డాలర్లతో ఖాతా నడిపే అతను UVXY అనే ఫండ్ ఆప్షన్ల మీద బాక్స్‌లు అమ్మాడు. నష్టానికి తావే లేదని గట్టిగా నమ్మాడు. కొంత డబ్బు బయటికి కూడా తీసుకున్నాడు. చివరికి మిగిలింది 57,000 డాలర్లు దాటిన నష్టం. తర్వాత రాబిన్‌హుడ్ తన యాప్‌లో బాక్స్ స్ప్రెడ్‌లను ఆపేసింది.

తప్పు లెక్కలో లేదు, ఆప్షన్ రకంలో ఉంది. UVXY ఆప్షన్లు అమెరికన్ తరహావి, కొన్నవారు గడువు దాకా ఆగక్కర్లేదు. ఎక్కువ స్ట్రైక్ పుట్ బాగా లాభంలో ఉంటే దాన్ని ముందే వాడుకుని డబ్బు తీసుకోవడమే వారికి మేలు, ఆ డబ్బు మీద వడ్డీ వస్తుంది. అలా జరిగితే అమ్మినవాడు ఆ స్ట్రైక్ ధర పెట్టి షేర్లు అప్పటికప్పుడు కొనాలి. నాలుగు కాళ్ల మంచానికి ఒక కాలు ఊడుతుంది, గడువున్న అప్పు కాస్తా ఉన్నపళాన కట్టాల్సిన అప్పవుతుంది. SPX ఆప్షన్లు యూరోపియన్ తరహావి, గడువు రోజునే తేలతాయి, నగదులోనే తేలతాయి. కానీ అదే సూచీని అనుసరించే SPY ఫండ్ ఆప్షన్లు మళ్లీ అమెరికన్ తరహావే. తెర మీద రెండు పేర్లకూ తేడా ఒక్క అక్షరం. ఆర్డరు పెట్టే ముందు చూడాల్సిన మొదటి సంగతి ఇదే.

రెండోది ధర. నాలుగు ఆప్షన్లనూ విడివిడిగా అమ్మబోతే ఒకటి అయ్యి మరొకటి కాకముందే సూచీ కదలిపోతుంది. నాలుగింటినీ ఒకే ఆర్డరుగా, లిమిట్ ధర పెట్టి పంపాలి. అదే గడువున్న ట్రెజరీ రేటు చూసి, దానికి అర శాతం లోపు కలిపి, ఆ రేటుకు ఎన్ని పాయింట్లు రావాలో ముందే లెక్కేసుకోవాలి. ఏడాది బాక్స్‌లో 960 బదులు 955కు ఒప్పుకుంటే వడ్డీ 4.17 నుంచి 4.71 శాతానికి పోతుంది. మూడు నెలల బాక్స్‌లో ఇదే ఐదు పాయింట్ల జారుడు ఇంకా ఖరీదు. 990 రావాల్సిన చోట 985 వస్తే ఏడాది లెక్కన 4 శాతం అప్పు 6 శాతం దాటుతుంది. గడువు తగ్గేకొద్దీ తొందరపాటుకు చెల్లించే ధర పెరుగుతుంది.

అన్నిటికంటే లోతుగా దాగిన గొయ్యి మూడోది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వడ్డీ స్థిరమే గానీ తాకట్టు స్థిరం కాదు. ఒకే కంపెనీ షేర్లు 4 లక్షల డాలర్లవి ఉన్న ఖాతా అనుకుందాం. బాక్స్ అమ్మి 96,000 తీసి ఇంటికి కట్టేశారు. 2022 ఒక్క ఏడాదిలో మెటా షేరు సుమారు 64 శాతం పడింది. ఈ ఖాతాలో షేర్లూ అలాగే పడితే మిగిలేది 1,44,000. బాక్స్ బాకీ అప్పటికి 98,000 అయ్యిందనుకుంటే నికరం 46,000. బ్రోకరు షేర్ల విలువలో 30 శాతం, అంటే 43,200, నిల్వ ఉండాలంటే ఎలాగో గట్టెక్కుతారు. పడుతున్న షేరు మీద బ్రోకరు ఆ నిబంధనను 40 శాతానికి పెంచితే కావాల్సింది 57,600. పదకొండు వేల చిల్లర లోటు. అది పూడ్చకపోతే అట్టడుగు ధరలో షేర్లు అమ్మేస్తారు. ఏ పన్ను తప్పించుకోవాలని అప్పు చేశారో అదీ పడుతుంది. బ్యాంకు గృహరుణంలో కిస్తీలు సక్రమంగా కడుతుంటే మధ్యలో ఇలా మెడ మీద కూర్చోరు.

దీనికి తోడు, వడ్డీ రేట్లు పడితే బాక్స్ బాకీ విలువ గడువుకు ముందే పైకి లేస్తుంది. గడువు దాకా ఆగితే కట్టేది లక్షే, మధ్యలో తెంచుకోవాలంటే మాత్రం ఆ రోజు ధరకే. అందుకే ఖాతా విలువలో చిన్న భాగానికి మించి ఈ దారిలో తీసుకోకపోవడం, షేర్లు ఒకే కంపెనీవైతే ఇంకా తగ్గించుకోవడం తప్ప వేరే రక్షణ లేదు.

అప్పిచ్చేవైపు ఉన్నవారికి ఈ బాధ లేదు. పూర్తి డబ్బు పెట్టి బాక్స్ కొంటే మార్జిన్ పిలుపు రాదు. అల్ఫా ఆర్కిటెక్ట్ సంస్థ 2022 డిసెంబరులో ఈ పనే చేసే BOXX ఫండ్‌ను తెచ్చింది.

మన నిఫ్టీ ఆప్షన్లూ యూరోపియన్ తరహావే, నగదులోనే తేలతాయి, కాబట్టి ముందస్తు పిలుపు భయం ఇక్కడా లేదు. అయినా అప్పు తీసుకోవడానికి ఇక్కడ బాక్స్ పనికిరాదు. ఆప్షన్లు అమ్మితే ప్రీమియం ఖాతాలో పడుతుంది గానీ ఎక్స్ఛేంజి కోరే మార్జిన్ కింద డబ్బు ఖాతాలోనే ఇరుక్కుంటుంది, ఇంటికి తీసుకెళ్లే వీలు దాదాపు ఉండదు. అప్పిచ్చేవైపు నిలబడదామన్నా అమ్మే కాళ్ల ప్రీమియం మీద ఎస్‌టీటీ, గడువున లాభంలో తేలే కొన్న ఆప్షన్ అసలు విలువ మీద మళ్లీ ఎస్‌టీటీ పడతాయి. దూరపు గడువుల్లో కొనుగోలుదారులూ పలచగానే ఉంటారు.