క్లెయిమ్ రాదన్నారా? అంబుడ్స్‌మన్‌కు ఇలా రాయండి

ఆరోగ్య బీమా క్లెయిమ్‌ను కంపెనీ తిరస్కరిస్తే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. పైసా ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అయితే నేరుగా అక్కడికి వెళ్తే కుదరదు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. వాళ్లు కాదనాలి, లేదా నెల దాటినా బదులివ్వకుండా ఉండాలి. ఆ తర్వాత ఏడాదిలోగా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాలి.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. క్లెయిమ్ తిరస్కరిస్తూ వచ్చిన మొదటి ఉత్తరాన్నే తుది జవాబు అనుకుంటారు. దానిమీద కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి మళ్లీ రాసి, ఆయన జవాబు తీసుకోవాలి. కాల్ సెంటర్‌కు ఫోన్ చేశామంటే సరిపోదు, కాగితమో ఈమెయిలో ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకాయన 2021 జూన్‌లో పాలసీ తీసుకున్నారు. 2025 జనవరిలో పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయింది, బిల్లు లక్షా నలభై వేలు. ‘షుగర్ ఉన్న సంగతి దాచారు’ అంటూ ఫిబ్రవరి 12న కంపెనీ తిరస్కరించింది. ఆయన డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూస్తే ‘రెండేళ్లుగా షుగర్’ అని ఉంది. అంటే పాలసీ తీసుకున్న నాటికి ఆ జబ్బే లేదు. ఈ మాటే ఫిబ్రవరి 20న ఫిర్యాదుల అధికారికి రాశారు. మార్చి 10న వచ్చిన జవాబులో పాత వాక్యమే ఉంది తప్ప, తేదీల గురించి ఒక్క ముక్క లేదు.

ఆ మౌనమే ఆయన ఫిర్యాదుకు బలం. అంబుడ్స్‌మన్‌కు ఇలా రాస్తే చాలు: ‘ఫిబ్రవరి 12 నాటి లేఖలో షుగర్ దాచానన్నారు. జబ్బు వయసు రెండేళ్లే అని డిశ్చార్జ్ సమ్మరీ చూపిస్తూ ఫిబ్రవరి 20న రాశాను. మార్చి 10 నాటి జవాబులో దానికి సమాధానం లేదు. క్లెయిమ్ మొత్తం రూ. 1,40,000 ఇప్పించగలరు.’ ప్రతి వాక్యానికీ ఒక కాగితం జతచేసి, వాటికి వరుస నంబర్లు వేయాలి. పాలసీ కాపీ కూడా పెట్టాలి. కంపెనీ ముందు పెట్టని కొత్త ఆరోపణను ఇక్కడ ఎత్తితే, ముందు అక్కడ అడిగారా అన్న ప్రశ్న వస్తుంది.

అంబుడ్స్‌మన్ ముందుగా ఇరుపక్షాలనూ రాజీకి తేవడానికి చూస్తారు. కుదరకపోతే విచారించి తీర్పిస్తారు. ఆ తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. తీర్పు నచ్చకపోతే మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కానీ అదే గొడవ మీద ముందే అక్కడ కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. కాబట్టి మార్చి 10 నాటి జవాబు అందగానే, ఏ తలుపు ముందు తట్టాలో తేల్చుకోవాలి.