ఆ మూడు ఫ్రేములు ఎక్కడివి?

కొత్త డ్రైవర్ వేశాక సైబర్‌పంక్ 2077 వేగం పెరిగిందో లేదో చూడాలంటే చాలామంది చేసే పని ఒకటే. నైట్ సిటీ వీధుల్లో కాసేపు తిరిగి, స్క్రీన్ మూలన కనిపించే ఫ్రేమ్ రేటు గమనిస్తారు. నిన్న 70, ఇవాళ 73. అది డ్రైవర్ పుణ్యమా, వీధిలో జనం పలచబడడమా? ఇలా తిరిగితే తెలిసే దారి లేదు.

ఓపెన్ వరల్డ్ ఆటలో పాదచారులను, వాహనాలను కంప్యూటర్ అప్పటికప్పుడు పుట్టిస్తుంది. అదే సేవ్‌ను మళ్లీ తెరిచినా ఎదురయ్యే గుంపు మారుతుంది. పగలు, రాత్రి, వాన కూడా భారాన్ని మారుస్తాయి. ఆటలోనే ఇచ్చే బెంచ్‌మార్క్ అయినా పూర్తిగా స్థిరమని నమ్మలేం. జీటీఏ 5 బెంచ్‌మార్క్ చివరి ఘట్టంలో ట్రాఫిక్ ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది.

అందుకే దృశ్యాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. జపాన్‌టౌన్‌లోని చెర్రీ బ్లాసమ్ మార్కెట్‌నే తీసుకుందాం. జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి ప్రాసెసర్‌కు గట్టి పని పడుతుంది. నడిచే దారి కాబట్టి కారు గుద్దుకోవడం, వేగం మారడం ఉండవు. ఆటలోని సమయాన్ని మధ్యాహ్నానికి జరిపి, ఆకాశం తేటగా ఉన్నప్పుడు సేవ్ చేయాలి. ఫలానా కొట్టు దగ్గర మొదలుపెట్టి, ఫలానా బోర్డు దాకా కెమెరా తిప్పకుండా నడవాలి. 60 సెకన్లు చాలు. ఆ 60 సెకన్లనూ క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ వంటి సాఫ్ట్‌వేర్ రికార్డు చేస్తుంది.

సేవ్ తెరిచిన వెంటనే పరుగు మొదలుపెట్టకూడదు. డిస్కు నుంచి బొమ్మలు, షేడర్లు ఇంకా వస్తూనే ఉంటాయి. అర నిమిషం ఆగాలి. మొదటి నడక లెక్కను వదిలేయాలి.

ఇప్పుడు ఏ మార్పూ చేయకుండానే ఐదుసార్లు నడవాలి. 71, 68, 73, 70, 69 వచ్చాయనుకుందాం. సగటు 70 పైచిలుకు, ఊగిసలాట 5 ఫ్రేములు. డ్రైవర్ మార్చాక ఒక్కసారి నడిస్తే వచ్చే 73కు విలువ లేదు, అది పాత డ్రైవర్‌తోనూ వచ్చింది. అదే 76, 78, 75, 77, 76 వస్తే కొత్త అంకెల్లో అతి చిన్నది కూడా పాతవాటిలో పెద్దదాన్ని దాటింది. అప్పుడే మార్పు నిజమనుకోవచ్చు. ఊగిసలాట మరీ ఎక్కువైతే పరుగులు పెంచే ముందు దారి మార్చి చూడాలి. కొంత తక్కువ రద్దీ ఉన్న సందు స్థిరమైన అంకెలివ్వవచ్చు. కుదుపుల్ని చూపే ‘1 శాతం లో’ అంకె సగటుకన్నా ఎక్కువగా ఊగుతుంది, దానికి మరిన్ని నడకలు అవసరం.

చివరగా పాత డ్రైవర్‌ను తిరిగి వేసి మళ్లీ నడవాలి. అంకెలు 70 దగ్గరికి దిగిరాకపోతే, గదిలో వేడో, మధ్యలో వచ్చిన గేమ్ అప్‌డేటో, వెనక నడుస్తున్న ప్రోగ్రామో లెక్కను చెడగొట్టినట్టే. దిగివచ్చినా ఆ తేడా ఈ మార్కెట్‌కే వర్తిస్తుంది. ఊరి బయటి బ్యాడ్‌ల్యాండ్స్ ఎడారిలో జనం పలచగా ఉంటారు కాబట్టి అక్కడి సంగతి విడిగా కొలవాల్సిందే.