వార్తా ముసాయిదా కుదింపు: తిత్లీ తుపాను కథనం ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

విలేకరి వెయ్యి మాటలలో పంపిన వార్తను ఆరువందల మాటలకు కుదించడం ఉపసంపాదకుని నిత్యకృత్యం. జిల్లా పుటలో స్థలం పరిమితం కనుక ఈ కోత అనివార్యం. అయితే కోత వలన వాస్తవం ఎక్కడ నష్టపోతుందన్నది పరిశీలించదగిన విషయం. సాధారణంగా తొలగించిన పేరాలలో సమాచారం పోతుందని భావిస్తారు. తొలగించిన పేరా మాత్రం సంపాదకుని కంటికి కనిపిస్తూనే ఉంటుంది. దానిని తిరిగి చేర్చవచ్చు. రెండు వాక్యాలను కలిపి ఒకటిగా చేసినప్పుడు, క్రియారూపాన్ని మార్చినప్పుడు జరిగే నష్టం కంటికి కనిపించదు. తెలుగు వాక్య నిర్మాణానికి సంబంధించిన ఈ అంశాన్ని శ్రీకాకుళం జిల్లాను తాకిన తిత్లీ తుపాను నేపథ్యంగా వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలు దెబ్బతిన్నాయి. ఆ ప్రాంతపు విలేకరి మర్నాడు పంపగల వార్తకు మాదిరిగా కూర్చిన ఒక ముసాయిదా ఇక్కడ ఉదాహరణ. ఇందులోని వాక్యాలు ఏ పత్రిక నుండీ గ్రహించినవి కావు.

వాస్తవాల జాబితా, స్థల విభజన

కలం పట్టడానికి ముందు ముసాయిదాను పూర్తిగా చదివి, అందులోని వాస్తవాలను వేరొక కాగితంపై వరుసగా రాసుకోవడం మొదటి పని. ఏమి జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎవరు చెప్పారు అనే అంశాలు మాత్రమే ఈ జాబితాలో ఉండాలి. 'ఎవరు చెప్పారు' అన్నది కూడా ఒక వాస్తవమే. దీనిని జాబితాలో చేర్చకపోతే కోతలో మొదట పోయేది అదే.

తరువాత ముసాయిదాలోని ఒక్కొక్క భాగానికి ఎన్ని మాటలు ఉన్నాయో, ఎన్ని మిగల్చాలో నిర్ణయించుకోవాలి. మాదిరి ముసాయిదాలో తుపాను రాత్రి భయానక వాతావరణ వర్ణనకు 120 మాటలు, తీరం దాటిన వివరాలకు 180, గ్రామాలలోని నష్టానికి 250, నాయకుల, అధికారుల పర్యటనలకు 160, బాధితుల మాటలకు 170, పాత తుపానుల నేపథ్యానికి 120 ఉన్నాయి. కుదింపులో ఇవి వరుసగా 50, 110, 210, 50, 130, 50 అవుతాయి. మొత్తం ఆరువందలు.

అన్నింటినీ సమానంగా తగ్గించకపోవడం ఇక్కడ గమనించదగినది. పర్యటనల భాగం నుండి 110 మాటలు పోతాయి, ఎందుకంటే అందులో అధిక భాగం వెంట ఉన్నవారి పేర్లు, హోదాలు. అయితే ఆ పేర్ల నడుమ నష్టం లెక్కింపు ఎప్పుడు మొదలవుతుందో అధికారి చెప్పిన వాక్యం ఉండవచ్చు. బాధిత రైతుకు అదే అత్యవసరమైన సమాచారం. పేరాను చదవకుండా మొత్తంగా కొట్టివేస్తే దానితోపాటు ఇదీ పోతుంది. వాతావరణ వర్ణన స్థానంలో సంఘటన, స్థలం, తేదీ, ప్రధాన నష్టం తెలిపే తొలి పేరా వస్తుంది. 2013 నాటి ఫైలిన్, 2014 నాటి హుద్‌హుద్ ప్రస్తావనలకు రెండు మూడు వాక్యాలు చాలు.

మాటల లెక్కలోని చిక్కు

తెలుగులో మాటల సంఖ్య కొంత మోసగిస్తుంది. 'కొబ్బరి చెట్లు' అని విడిగా రాస్తే రెండు మాటలు, 'కొబ్బరిచెట్లు' అని కలిపితే ఒకటి. పుటలో ఆక్రమించే స్థలం దాదాపు అంతే. ఇటువంటి కలయికతో సాధించిన కుదింపు లెక్కలో కనిపిస్తుందే గాని కాలమ్‌లో కనిపించదు. కాబట్టి మాటల సంఖ్యతోపాటు పుటలో వచ్చే పంక్తుల సంఖ్యను కూడా చూడాలి.

నిజమైన ఆదా 'జరిగింది' వంటి సహాయక ప్రయోగాలను, పునరుక్తిని తొలగించడంలో ఉంది. మాదిరి ముసాయిదాలోని ఈ భాగాన్ని చూడవచ్చు: "తిత్లీ తుపాను కారణంగా ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి తోటలకు తీవ్రమైన నష్టం వాటిల్లడం జరిగింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాలలో అనేక తోటలలో కొబ్బరి చెట్లు నేలకూలడం జరిగింది. చెట్లు పడిపోవడంతో రైతులు తీవ్ర ఆవేదనకు గురవుతున్నారు." ఇవి 28 మాటలు.

దీనిని "తిత్లీ తుపానుకు ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాలలో అనేక తోటలలో కొబ్బరి చెట్లు నేలకూలాయి" అని 13 మాటలలో చెప్పవచ్చు. రైతుల ఆవేదనను వారి మాటలే తెలుపుతాయి కనుక మూడవ వాక్యం అనవసరం. ఇంకొంత కుదించే తొందరలో 'కొబ్బరి తోటలు నేలకూలాయి' అని రాస్తే, ఆ మండలాలలోని తోటలన్నీ పోయాయనే అర్థం వస్తుంది. 'అనేక' అన్న ఒక్క మాట తొలగడంతో నష్టపరిమాణమే మారిపోయింది.

వాక్యాల కలయికలో మారే అర్థం

క్త్వార్థకంతో వాక్యాలను కలపడం తెలుగులో సులభం. అది కాలక్రమాన్ని మాత్రమే గాక కార్యకారణ సంబంధాన్ని కూడా స్ఫురింపజేస్తుంది. ముసాయిదాలో "ముందుజాగ్రత్తగా రాత్రి విద్యుత్ సరఫరాను నిలిపివేశారు. తెల్లవారుజామున గాలులకు స్తంభాలు కూలాయి" అని ఉన్నదనుకుందాం. దానిని "స్తంభాలు కూలి విద్యుత్ సరఫరా నిలిచిపోయింది" అని కలిపితే వాక్యం సాఫీగానే ఉంటుంది. కాని అధికారుల నిర్ణయం మాయమై, క్రమం తారుమారై, కారణం మారింది. కర్త మారినచోట, కాలం మారినచోట వాక్యాలను విడిగానే ఉంచడం క్షేమం.

రెండవ ప్రమాదం 'అట్లు', 'అని' వంటి అనుకరణ రూపాలను తొలగించడం. "బియ్యం అందలేదని గ్రామస్థులు చెబుతున్నారు" అన్నదానిని "గ్రామస్థులకు బియ్యం అందలేదు" అని మారిస్తే ఒక మాట తగ్గుతుంది; కాని గ్రామస్థుల ఆరోపణ పత్రిక నిర్ధారణ అవుతుంది. ఒకే వ్యక్తి చెప్పిన విషయాలు వరుసగా వచ్చినప్పుడు 'తెలిపారు' అన్న క్రియను ఒక్కసారి వాడి ఆదా చేయవచ్చు. వేర్వేరు వ్యక్తుల మాటలకు ఈ పద్ధతి పనికిరాదు.

బాధితుల మాటలను కుదించేటప్పుడు పూర్తి వాక్యాలను తీసివేయాలే గాని, వాక్యం లోపల మార్పు చేయరాదు. ఐదుగురు ఒకే నష్టాన్ని చెప్పినప్పుడు కొత్త విషయం చెప్పినవారిని ఉంచాలి. కొబ్బరి ఏటా విత్తే పంట కాదని, కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుందని చెప్పిన రైతు మాట నష్టం స్వభావాన్నే వివరిస్తుంది. 'బేగి' అని ఆయన అన్నచోట 'త్వరగా' అని మార్చడం వలన స్థలం కలిసిరాదు. మాట మాత్రం ఆయనది కాకుండా పోతుంది.

సరిచూపు

కుదింపు పూర్తయ్యాక రెండు దిశలలో సరిచూడాలి. మొదట జాబితాలోని ప్రతి వాస్తవం కొత్త ప్రతిలో ఉన్నదో లేదో గుర్తు పెట్టుకోవాలి. లేనిది తెలిసి వదిలినదే అయి ఉండాలి. తరువాత కొత్త ప్రతిలోని ప్రతి వాక్యానికి ముసాయిదాలో ఆధారం ఉన్నదేమో చూడాలి. 'అనేక' పోవడం మొదటి పరిశీలనలో తప్పించుకోవచ్చు, ఎందుకంటే మండలాల పేర్లు, నష్టం రెండూ ఉన్నాయి. రెండవ పరిశీలనలో పట్టుబడుతుంది. 'నిన్న', 'ఈ ఉదయం' వంటి మాటలు ప్రచురణ తేదీకి సరిపోతున్నాయో లేదో కూడా అప్పుడే చూడాలి. ముసాయిదాలోనే అస్పష్టత ఉంటే ఊహించి సరిచేయక విలేకరికి ఫోన్ చేసి అడగాలి.

ముగింపు

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ముసాయిదాలో లేని వాస్తవాన్ని కుదింపు సమకూర్చలేదు. విలేకరి వెళ్లని గ్రామం ఆరువందల మాటలలోనూ ఉండదు. జాబితాలోని ముఖ్యాంశాలే ఆరువందల మాటలను మించితే, వాటిని ఇరికించడం కన్నా అనుబంధంగా చిన్న వార్తను వేరుగా ఇవ్వడం మేలు. ఆ పరిధిలో చూసినప్పుడు నాలుగువందల మాటల కోతలో అధిక భాగం పేర్లు, వర్ణనలు, పునరుక్తుల నుండి సునాయాసంగా వస్తుంది. చివరి కొద్ది మాటల కోసం క్రియారూపాలను తాకినప్పుడే జాగ్రత్త అవసరమవుతుంది.