బెత్తెడు సందు లెక్క

గోడౌన్‌లో ర్యాక్ వేయించేవారు చాలామంది ముందు గది కొలతలు తీస్తారు. తీయాల్సింది సరుకు కొలతలు. అదీ కాగితం మీద ఉన్నవి కాదు, ప్యాలెట్ మీద సరుకు పేర్చి ప్లాస్టిక్ చుట్టాక టేపు పట్టుకుని చూసినవి.

షాంపూ పెట్టెల గోడౌన్‌నే తీసుకుందాం. ప్యాలెట్ 1200 మి.మీ. పొడవు, 1000 వెడల్పు. వెయ్యి వైపు నడవకు ఉండేలా ఒక్కో బేలో రెండేసి పెట్టాలి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి అంత బరువును గీత గీసినట్టు దించలేడు కాబట్టి సరుకుకూ స్తంభానికీ నడుమ, రెండు సరుకుల నడుమ బెత్తెడు సందు వదలాలి. మామూలు ర్యాకులకు యూరప్ ప్రమాణం ఈఎన్ 15620 చెప్పేదీ 75 మి.మీ.యే. రెండు ప్యాలెట్లకు మూడు సందులు: మొత్తం 2225. 2250 బీమ్ సరిపోతుందనిపిస్తుంది.

సరిపోదు. పెట్టెలు ఒక్కో పక్క పాతిక మి.మీ. బయటికి ఉబ్బితే సరుకు వెడల్పు 1050 అవుతుంది. అప్పుడు కావలసింది 2325. అదే 2250 బీమ్‌లో ఒక్కో సందుకు మిగిలేది 50 మాత్రమే. కొన్నాళ్లకే స్తంభాల లోపలి అంచున రంగు లేచిపోతుంది. తనిఖీకి వెళ్లినవారు ముందు చూడాల్సిన చోటు అదే.

ఇక ఎత్తు. ప్యాలెట్‌తో కలిపి సరుకు 1500 అనుకుందాం. పైకి పోయేకొద్దీ డ్రైవర్‌కు చూపు ఆనదు, మాస్ట్ కూడా ఊగుతుంది. అందుకే ఆ ప్రమాణం 3 మీటర్ల దాకా పైన 75 చాలంటుంది, 6 మీటర్ల దాకా 100 అడుగుతుంది. 1500కు 100, బీమ్ మందం 120 కలిపితే 1720. స్తంభానికి 50 మి.మీ.కో రంధ్రం ఉంటే బీమ్‌ను 1750 దగ్గర తగిలించాలి. అన్ని అరలకూ ఇదే కొలత పెడితే మూడో బీమ్ 5250 ఎత్తున ఉంటుంది, దానిమీది సరుకు 6750ని తాకుతుంది. పైన అగ్నిమాపక స్ప్రింక్లర్లుంటే వాటి కింద వదలాల్సిన ఖాళీ వేరు. వేగంగా పనిచేసే ఈఎస్ఎఫ్ఆర్ రకానికి అమెరికా నియమం 914 మి.మీ. అడుగుతుంది.

ఫోర్క్‌లిఫ్ట్ 5250 దాకా లేపితే పని కాదు. ప్యాలెట్ బీమ్‌ను దాటి లోపలికి వెళ్లాలంటే ఫోర్కులు ఇంకాస్త పైకి పోవాలి. రెండు టన్నుల బండి అంత ఎత్తున రెండు టన్నులూ మోయదు. ఎంత మోస్తుందో బండికి కొట్టిన రేకు మీద ఉంటుంది. కొనేముందు ఆ రేకు చదివేవారు తక్కువే.

రేపు పొడుగు సరుకు వచ్చిందని కింది బీమ్‌ను రెండు రంధ్రాలు పైకి జరపడం చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ అలా జరిపితే నేలకూ మొదటి బీమ్‌కూ మధ్య ఆధారం లేని స్తంభం పొడవు పెరుగుతుంది, అది వంగకుండా మోయగల బరువు తగ్గుతుంది. ర్యాక్ చివర తగిలించిన బరువుల బోర్డు పాత కొలతకు రాసింది. బీమ్ జరిపిన రోజే తయారీదారుతో కొత్త లెక్క వేయించి ఆ బోర్డు మార్పించాలి.