0.99 అంటే నూటికి తొంభై తొమ్మిది కాదు

2016లో గూగుల్ పరిశోధకులు ‘జామా’ అనే అమెరికన్ వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. షుగర్ ఉన్నవాళ్ళ రెటీనా ఫొటో, అంటే కంటి లోపలి పొర ఫొటో ఇస్తే, కంటి డాక్టరు దగ్గరికి పంపాల్సినంతగా అది దెబ్బతిన్నదో లేదో వాళ్ళు తయారుచేసిన మోడల్ చెబుతుంది. దానికి నేర్పడానికి వాడిన లక్షా 28 వేల పైచిలుకు ఫొటోల్లో మన అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఆసుపత్రులవి కూడా ఉన్నాయి. తర్వాత కొత్త ఫొటోల మీద పరీక్షిస్తే 0.991 వచ్చింది. ఈ అంకె పేరు ఏయూసీ. ఆర్‌ఓసీ అనే గీత కింద ఉన్న వైశాల్యం అన్నమాట. దాన్ని చూడగానే నూటికి తొంభై తొమ్మిది మంది విషయంలో మోడల్ సరిగ్గా చెబుతుందని అనుకుంటాం. అది చెప్పే సంగతి వేరు.

మోడల్ ‘ఉంది’, ‘లేదు’ అని సూటిగా చెప్పదు. ప్రతి ఫొటోకీ 0కీ 1కీ మధ్య ఒక స్కోరు ఇస్తుంది. ఎంత దాటితే జబ్బు ఉన్నట్టో కటాఫ్ పెట్టాల్సింది మనుషులే. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పదిమంది వచ్చారు. వాళ్ళలో నలుగురికి జబ్బు ఉందని, ఆరుగురికి లేదని డాక్టర్లు ముందే తేల్చారు. జబ్బు ఉన్నవాళ్ళకు మోడల్ ఇచ్చిన స్కోర్లు 0.92, 0.81, 0.55, 0.30. లేనివాళ్ళకు ఇచ్చినవి 0.70, 0.45, 0.35, 0.22, 0.15, 0.08.

కటాఫ్ 0.75 దగ్గర పెడితే జబ్బున్న నలుగురిలో ఇద్దరే దొరుకుతారు, కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళెవరినీ అనవసరంగా పిలవం. 0.50కి దించితే ముగ్గురు దొరుకుతారు, ఆరోగ్యవంతుల్లో ఒకరికి లేనిపోని భయం పుడుతుంది. 0.25కి దించితే నలుగురూ దొరుకుతారు, ఆరుగురు ఆరోగ్యవంతుల్లో ముగ్గురు ఆసుపత్రికి తిరగాల్సి వస్తుంది. ఇలా కటాఫ్‌ను పైనుంచి కిందికి జరుపుతూ, ప్రతిచోటా జబ్బున్నవాళ్ళలో ఎంత వంతు దొరికారో నిలువుగా, ఆరోగ్యవంతుల్లో ఎంత వంతును పొరపాటున పట్టామో అడ్డంగా గుర్తించి, ఆ చుక్కల్ని కలిపితే వచ్చేదే ఆర్‌ఓసీ గీత. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాడార్ రిసీవర్ల పని మీద మొదలైన ఆలోచన ఇది. తెర మీద కనిపించే మెరుపు శత్రు విమానమా, వట్టి అలజడా అని తేల్చాల్సి వచ్చేది. పేరులో ‘రిసీవర్’ అలాగే ఉండిపోయింది.

గీత ఎడమ వైపు పై మూలకు ఎంత దగ్గరగా వంగితే మోడల్ అంత మంచిది. కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు తిన్నగా పోతే బొమ్మా బొరుసూ వేసినట్టే. అప్పుడు వైశాల్యం 0.5.

ఇక వైశాల్యానికి అర్థం. మన పదిమందిలో జబ్బున్న ఒకరినీ, లేని ఒకరినీ జతకడితే మొత్తం 24 జతలు వస్తాయి. 0.92, 0.81 స్కోర్లు వచ్చిన ఇద్దరూ ఆరుగురు ఆరోగ్యవంతుల కంటే పైనే ఉన్నారు. 0.55 వచ్చిన మనిషి ఐదుగురి కంటే పైన, 0.30 వచ్చిన మనిషి ముగ్గురి కంటే పైన ఉన్నారు. కలిపితే 24కి 20 జతల్లో జబ్బున్న మనిషికే ఎక్కువ స్కోరు పడింది. 20ని 24తో భాగిస్తే 0.83. ఏయూసీ అదే. జబ్బున్నవాళ్ళను లేనివాళ్ళ కంటే పై వరసలో నిలబెట్టడం మోడల్‌కు ఎంత బాగా వచ్చో అది చెబుతుంది. అంతవరకే. స్కోర్లన్నిటినీ సగం చేసినా వరస మారదు కాబట్టి ఏయూసీ కూడా మారదు. అందుకే 0.80 స్కోరు వచ్చిందంటే జబ్బు ఉండే అవకాశం 80 శాతం అని ఏయూసీని చూసి నమ్మకూడదు. అది వేరే పరీక్షతో తేలాల్సిన విషయం.

ఇప్పుడు గూగుల్ అధ్యయనానికి వద్దాం. గీత ఒక్కటే, 0.991 ఒక్కటే. కానీ దాని మీద పరిశోధకులు రెండు కటాఫ్‌లు ఎంచుకున్నారు. ఒకటి కఠినమైనది. జబ్బున్నచోట 90.3 శాతం దొరికాయి, జబ్బు లేనివాటిలో 98.1 శాతాన్ని సరిగ్గా వదిలేసింది. రెండోది సడలించినది. జబ్బు 97.5 శాతం దొరికింది, లేనివాటిలో 93.4 శాతాన్నే సరిగ్గా వదిలేసింది. ఆ పరీక్షలో జబ్బు ఉన్నవి నూటికి 7.8. అంటే వెయ్యి ఫొటోల్లో 78.

కఠినమైన కటాఫ్‌తో ఆ 78లో సుమారు 70 దొరుకుతాయి, 8 జారిపోతాయి. జబ్బు లేని 922లో 18 దాకా పొరపాటున పడతాయి. సడలించిన కటాఫ్‌తో 76 దొరికి రెండే జారిపోతాయి, కానీ పొరపాటున పడేవి 61 అవుతాయి. అంటే మొదటి పద్ధతిలో డాక్టరు దగ్గరికి పంపిన పదింటిలో ఎనిమిది నిజమైనవి, రెండో పద్ధతిలో ఇంచుమించు సగమే. ఏది మేలో 0.991 చెప్పదు. ఊళ్ళల్లో తొలి పరీక్ష చేసే క్యాంపుకైతే రెండోదే సరైనదని నా అభిప్రాయం. చూపు పోగొట్టుకోవడం కంటే ఒక రోజు ఆసుపత్రికి వెళ్ళిరావడం చిన్న కష్టం. కానీ జిల్లాకు ఒక్కరే రెటీనా డాక్టరు ఉన్నచోట ఆ 61 మందీ కట్టే వరస వల్ల నిజంగా అవసరమైనవాళ్ళకు ఆలస్యమవుతుంది.

జబ్బు ఇంకా అరుదుగా ఉండే జనంలోకి అదే మోడల్‌ను, అదే సడలించిన కటాఫ్‌తో తీసుకెళ్దాం. వెయ్యిమందిలో పదిమందికే జబ్బు ఉందనుకుంటే, ఆ పదిమందీ దాదాపుగా దొరుకుతారు. మిగతా 990 మందిలో 65 మంది పొరపాటున పడతారు. పంపిన 75 మందిలో జబ్బున్నవాళ్ళు పదిమందే. గీత మారలేదు, వైశాల్యమూ మారలేదు. ఆర్‌ఓసీకి వాడే రెండు వంతులూ జబ్బున్నవాళ్ళలో వేరుగా, లేనివాళ్ళలో వేరుగా లెక్కించినవి. కాబట్టి ఎవరు ఎంతమంది ఉన్నారన్నది అందులో కనిపించదు. అరుదైన జబ్బులకీ, బ్యాంకు మోసాల్ని పట్టే మోడళ్ళకీ ఏయూసీ ఒక్కటే చూపించి గొప్పగా చెబితే, ‘పట్టినవాటిలో నిజమైనవెన్ని?’ అని అడిగి తీరాలి.

ఇంకో సంగతి ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఆ 0.991ని స్పష్టంగా ఉన్న ఫొటోల మీదే లెక్కేశారు. మసకగా ఉన్నవి ఆ గీతలోకి రాలేదు. తర్వాత ఇదే పనికి గూగుల్ మోడల్‌ను థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో వాడి చూశారు. మొదటి ఆరు నెలల్లో నర్సులు పెట్టిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని, నాణ్యత చాలదని మోడల్ తిప్పికొట్టింది. వెలుతురు సరిగా లేని గదుల్లో తీసినవి వాటిలో ఉన్నాయి. ఫొటో తిరస్కరణకు గురైతే ఆ రోగిని స్పెషలిస్టు దగ్గరికి పంపాలన్నది అక్కడి నియమం. కంటిలో జబ్బేమీ లేకపోయినా సరే, పని మానుకుని మళ్ళీ ఇంకోచోటికి వెళ్ళాల్సి వచ్చేది.

కాబట్టి ఈసారి ఎక్కడైనా 0.99 అని కనిపిస్తే, ఎలాంటివాళ్ళ మీద పరీక్షించారో, ఏ కటాఫ్ పెట్టారో, పరీక్షకు ముందే ఎన్ని ఫొటోల్ని పక్కన పెట్టేశారో ఆ నివేదికలోనే వెతకండి.