పంచదారలో పోయింది టీ పొడిలో వస్తుందా?

కిరాణా కొట్టు ముందు పలక మీద సుద్దముక్కతో 'పంచదార కిలో 43' అని రాసి ఉంటుంది. పక్క కొట్లో 46. ఆ మూడు రూపాయల కోసం రెండు వీధులు దాటి వచ్చేవాళ్లుంటారు. ఒక సరుకును దాదాపు కొన్న ధరకే ఇచ్చి, దానికోసం వచ్చినవాళ్లకు మిగతావి అమ్ముకోవడాన్ని 'లాస్ లీడర్' అంటారు.

ఏ సరుకు తగ్గించాలన్నదే అసలు చిక్కు. జీలకర్ర మీద కిలోకి యాభై తగ్గించినా ఎవరూ రారు. కొనేది వంద గ్రాములు, దాని ధర ఎవరికీ గుర్తుండదు. పంచదార, కందిపప్పు, నూనె ప్యాకెట్, గుడ్లు అలా కాదు, వాటి ధర అందరికీ నోటికొచ్చు. అయితే గుడ్ల ధర రోజుకోలా ఉంటుంది, పైగా పగులుతాయి. నూనె ప్యాకెట్లయితే పక్క కొట్టాయనే మనిషిని పంపి అట్టపెట్టెలతో ఎత్తించుకుపోతాడు. పంచదార కాస్త నయం.

లెక్క వేసి చూద్దాం. హమాలీతో కలిపి యాభై కిలోల బస్తా 2,100 పడిందనుకోండి, అంటే కిలో 42. 46కి అమ్మితే వారానికి ఒక బస్తా పోతుంది. కవర్లు, కాటా తరుగు కిలోకి అర్ధరూపాయి తీసేస్తే మిగిలేది 175. 43కి అమ్మితే రెండు బస్తాలు పోతాయనుకుందాం, మిగిలేది 50. అంటే 125 తక్కువ. మిగతా సరుకుల మీద నూటికి పన్నెండు మిగిలే కొట్లో ఆ లోటు పూడాలంటే సుమారు 1,050 రూపాయల అమ్మకం పెరగాలి. రెండో బస్తా మనిషికి రెండు కిలోల చొప్పున పాతికమందికి పోతుంది. ఒక్కొక్కరూ ఇంకో 42 రూపాయల సరుకు కొంటేనే కొట్టు మునుపటి చోట ఉన్నట్టు. లాభం ఆ పైన మొదలవుతుంది.

అందుకే తెలిసిన కొట్టాయన టీ పొడిని కాటా పక్కనే పెడతాడు. పంచదార తూస్తున్నంతసేపూ కొనేవాళ్ల చూపు అక్కడే ఉంటుంది. 'టీ పొడి ఉందా ఇంట్లో?' అని ఒక్క మాట అడిగితే చాలు.

దెబ్బతినేది ఎక్కడంటే, టీ కొట్టువాళ్లు వచ్చి పదేసి కిలోలు పట్టుకుపోయి ఇంకేమీ కొననప్పుడు. మనిషికి రెండు కిలోలే అన్నది అందుకే. అరువుకిచ్చినా అంతే, రూపాయి లాభం మీద ఇచ్చిన సరుకు డబ్బు నెలాఖరుదాకా ఇరుక్కుపోతుంది. ఇంకోటి పైకి కనబడదు: ఎప్పుడూ వచ్చే ఖాతాదారులే వచ్చి పంచదార చవగ్గా పట్టుకెళ్తే, గల్లాపెట్టె దగ్గర సందడి ఉంటుంది గానీ వచ్చేది తగ్గుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక నోటుబుక్కు చాలు. పంచదార కొన్న ప్రతివాళ్లకీ ఒక గీత గీయండి, ఒక్క పంచదారే కొన్నవాళ్లకు ఒకవైపు, దాంతోపాటు ఇంకేమైనా కొన్నవాళ్లకు ఇంకోవైపు. కొత్త ముఖమైతే పక్కన చుక్క పెట్టండి. రెండు వారాల తర్వాత కూడా మొదటివైపే గీతలు ఎక్కువగా ఉంటే, పలక తుడిచేసి కందిపప్పు ధర రాయండి.