సగం వేడి ఎటు పోయింది?

సారా దీపంలో ఇథనాల్ పోసి వెలిగించి, మంట మీద రాగి డబ్బాలో నీళ్లు పెడితే అవి వేడెక్కుతాయి. నీళ్లు ఎన్ని డిగ్రీలు వేడెక్కాయో, దీపంలో ఎన్ని గ్రాములు తగ్గాయో చూసుకుంటే ఒక గ్రాము ఇథనాల్ ఎంత వేడినిస్తుందో చెప్పేయవచ్చు. బ్రిటన్‌లో మన ఇంటర్ ఈడు పిల్లలు ఈ ప్రయోగం చేస్తుంటారు. మోల్ ఇథనాల్ పూర్తిగా కాలితే 1,367 కిలోజౌళ్ల వేడి వస్తుందని పట్టికలో ఉంటుంది. పిల్లల నోటు పుస్తకంలో మాత్రం చాలాసార్లు అందులో సగానికి అటూ ఇటూగా తేలుతుంది. వాళ్లు లెక్క తప్పలేదు. మరి మిగతా వేడి ఏమైంది?

ఒక ఉదాహరణతో వెతుకుదాం. డబ్బాలో 200 గ్రాముల నీళ్లు ఉన్నాయి. మొదట 28 డిగ్రీలు, దీపం ఆర్పాక 48 డిగ్రీలు. దీపం బరువు 1.10 గ్రాములు తగ్గింది. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 జౌళ్లు కావాలి. కాబట్టి నీళ్లు తీసుకున్న వేడి 200 × 4.18 × 20 = 16,720 జౌళ్లు, అంటే 16.7 కిలోజౌళ్లు. గ్రాముకు 15.2. ఇథనాల్ మోల్ బరువు 46 గ్రాములు గనుక మోల్‌కు సుమారు 700. పట్టిక ప్రకారం గ్రాముకు 29.7 కిలోజౌళ్లు రావాలి. ఆ లెక్కన 1.10 గ్రాములకు 32.7 రావలసి ఉంది. దాదాపు 16 కిలోజౌళ్లు కనిపించడం లేదు.

ప్రయోగాన్ని మూడుసార్లు చేసి సగటు తీస్తే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ మూడుసార్లూ 690, 700, 710 వస్తే అంకెలు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయే తప్ప, మూడూ తక్కువే. థర్మామీటరు అర డిగ్రీ తప్పు చూపినా 20 డిగ్రీల పెరుగుదలలో అది రెండున్నర శాతమే. తక్కెడ 0.01 గ్రాము తప్పినా ఒక శాతం లోపే. ఇక్కడున్నది ఎప్పుడూ ఒకే వైపుకు లాగే లోపం. అది సగటుతో పోదు. వేడి పోయిన దారులను ఒక్కొక్కటిగా పట్టుకోవాలి.

మొదటి దారి డబ్బాయే. నీళ్లతో పాటు రాగి కూడా 20 డిగ్రీలు వేడెక్కింది. డబ్బా 120 గ్రాములుంటే, రాగి విశిష్టోష్ణం గ్రాముకు 0.385 జౌళ్లు గనుక, అది తీసుకున్నది 0.9 కిలోజౌళ్లే. లెక్కలో కలపవలసిందే గానీ పెద్ద మొత్తం కాదు.

రెండోది దీపం ఆర్పాక జరిగేది. వేడిగా ఉన్న వత్తి నుంచి ఇథనాల్ కాలకుండానే ఆవిరైపోతుంది. తూచేలోగా 0.05 గ్రాము అలా పోయిందనుకోండి. అది కాలినట్టే మన లెక్కలోకి వస్తుంది. ఆ పొరపాటు విలువ 1.5 కిలోజౌళ్లు. అందుకే దీపాన్ని ఊదకూడదు, మూత పెట్టి ఆర్పి వెంటనే తూచాలి. డబ్బాలో నీళ్లను మాత్రం ఆ తర్వాత కూడా కలుపుతూ ఉండాలి. వేడెక్కిన అడుగు నుంచి ఇంకా కొంత వేడి ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి, థర్మామీటరు చేరిన గరిష్ఠ విలువనే రాసుకోవాలి.

మూడోది డబ్బా అడుగున కనిపిస్తుంది. నల్లగా మసి పట్టిందంటే అక్కడ కార్బన్ కాలకుండా మిగిలిందన్నమాట. ఆ మసి 0.01 గ్రాము ఉంటే కోల్పోయింది 0.3 కిలోజౌళ్లు. కనిపించకుండా పోయే కార్బన్ మోనాక్సైడ్ నష్టం ఇంకా ఉంటుంది. ఇథనాల్‌లోని కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా కాక మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతే, మోల్‌కు 1,367 బదులు సుమారు 800 కిలోజౌళ్లే వస్తాయి. మంట నీలంగా కాక పసుపు పచ్చగా, పొడవుగా ఉంటే గాలి చాలడం లేదని గుర్తు. డబ్బాను మంటకు మరీ దగ్గరగా దించినా ఇదే జరుగుతుంది.

నాలుగోదాన్ని చాలామంది గమనించరు. దీపం వెలిగించగానే చల్లని డబ్బా అడుగు చెమర్చి, కాసేపటికే ఆరిపోతుంది. ఆ తడి ఇథనాల్ కాలినప్పుడు పుట్టిన నీటి ఆవిరి. మోల్ ఇథనాల్‌కు మూడు మోల్‌ల నీరు పుడుతుంది. పట్టికలోని 1,367 అనే విలువ ఆ నీరంతా చివరకు ద్రవంగా మారిందన్న షరతు మీద ఇచ్చినది. మన ప్రయోగంలో కొద్ది క్షణాలు తప్ప అది ఆవిరిగానే గదిలోకి పోతుంది. ఆవిరి నీరుగా మారుతూ ఇవ్వవలసిన గుప్తోష్ణం మోల్‌కు 44 కిలోజౌళ్లు. మూడు మోల్‌లకు 132. అంటే ఏ లోపమూ లేకుండా చేసినా, ఆవిరి పైకి పోతున్నంత కాలం మనకు అందగలిగేది 1,235 మాత్రమే. మన 1.10 గ్రాముల లెక్కలో ఇది 3.2 కిలోజౌళ్లు. పోల్చుకోవలసిన అంకే కొంత మారిపోతోందన్నమాట.

డబ్బాలోని నీళ్లు ఆవిరవడానికి మరో అర కిలోజౌల్ వేసుకుందాం. ఇవన్నీ కలిపితే సుమారు ఆరున్నర. ఇంకా తొమ్మిదిన్నర కిలోజౌళ్లు మిగిలాయి. మంట పక్కల నుంచి ఎగసి, డబ్బాను ఒరుసుకుని పైకి పోయిన వేడి గాలిదే అందులో సింహభాగం. దీన్ని సూత్రంతో లెక్కించలేం, పరీక్షించి చూడాలి. మంట చుట్టూ రేకు అడ్డం పెట్టి, కింద గాలి చొరబడే సందు వదిలి, డబ్బాకు మూత వేసి మళ్లీ కొలవండి. ఫలితం ఎంత పెరిగితే అంత ఈ దారిలో పోతోందని తెలుస్తుంది. అడ్డం పెట్టాక మసి కూడా పెరిగితే మాత్రం గాలి తగ్గించేశామని గ్రహించాలి.

పట్టికలు తయారుచేసే ప్రయోగశాలలు ఈ దారులన్నీ ముందే మూసేస్తాయి. వాళ్లు వాడే బాంబ్ కెలోరీమీటర్ ఒక గట్టి ఉక్కు పాత్ర. అందులో సుమారు 30 అట్మాస్ఫియర్ల పీడనంతో ఆక్సిజన్ నింపి, పాత్రనంతా నీటిలో ముంచి, విద్యుత్తుతో పదార్థాన్ని అంటిస్తారు. మంట నీటి మధ్యనే ఉంటుంది, ఆక్సిజన్‌కు కొదవ లేదు, పుట్టిన ఆవిరి లోపలే నీరవుతుంది. అయినా ఆ పరికరాన్ని నేరుగా నమ్మరు. గ్రాముకు 26.4 కిలోజౌళ్లు ఇస్తుందని ఖచ్చితంగా తెలిసిన బెంజోయిక్ ఆమ్లాన్ని ముందు కాల్చి, ఒక డిగ్రీ పెరగడానికి ఎంత వేడి కావాలో తేల్చుకున్నాకే తెలియని పదార్థం జోలికి వెళతారు.

బడిలో అదే పని ఇథనాల్ చేయగలదు. మన డబ్బా వచ్చిన వేడిలో 51 శాతం పట్టుకుంటోందని తేలింది. అదే డబ్బా, అదే ఎత్తు, అంతే మంటతో ప్రొపనాల్ కాలిస్తే గ్రాముకు 16.5 వచ్చిందనుకోండి. దాన్ని 0.51తో భాగిస్తే 32.4. పట్టికలో 33.6. సగానికి సగం తేడా ఉన్నచోట ఇప్పుడు నాలుగు శాతం కూడా లేదు. ఆ కాస్త తేడా ఎందుకో తెలుసుకోవాలంటే డబ్బా తిప్పి చూడాలి. కార్బన్ పెరిగిన కొద్దీ ఆల్కహాళ్లు ఎక్కువ మసి వదులుతాయి కాబట్టి, ఇథనాల్ నాటి 51 శాతం ప్రొపనాల్‌కు పూర్తిగా వర్తించదు. ఆ సంగతి డబ్బా అడుగున నల్లగా కనబడుతూనే ఉంటుంది.